చెయ్యి అందని చోటు

మల్లక్కకు దురద మొదలైంది చలికాలంలో. అందుకే ఎవరూ పట్టించుకోలేదు, ఆమె కూడా. గోదావరిఖనిలో చలి మొదలయ్యిందంటే పిక్కల మీద తోలు తెల్లగా లేస్తుంది, గీకితే పొడి రాలుతుంది. కొబ్బరినూనె రాసుకుని పనికి పోయింది.

మల్లక్కకు నలభై ఎనిమిదేళ్లు. భర్త పోశం బొగ్గుబాయిలో పనిచేస్తూ గుండెపోటుతో పోయాడు. కంపెనీ ఆ ఉద్యోగానికి బదులుగా ఆమెను బాయి మీద ల్యాంప్ రూంలో పెట్టుకుంది. ఎనిమిదేళ్లుగా అదే పని. గనిలోకి దిగేవాళ్లు కిటికీ దగ్గరికి వచ్చి తమ నంబరు బిళ్ల ఇస్తారు, ఆమె ఆ నంబరున్న తలదీపాన్ని చార్జింగు నుంచి తీసి చేతికిస్తుంది. పైకి వచ్చాక వాళ్లు దీపం ఇచ్చి బిళ్ల తీసుకుపోతారు. మూడువందల చిల్లర మందిలో ఎవరిది ఏ నంబరో ఆమెకు ముఖం చూస్తే తెలిసేది.

చలి పోయింది, శివరాత్రి పోయింది, ఎండలు ముదిరాయి. దురద మాత్రం పోలేదు. అరచేతుల్లో, అరికాళ్లలో పుట్టి ఒళ్లంతా పాకేది. చూస్తే ఏమీ ఉండదు. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. పొద్దుగూకే కొద్దీ ఎక్కువయ్యేది. గోళ్లతో గీకితే చాలదు, దువ్వెనతో గీకేది, తలుపు చెక్కకు వీపు ఆనించి రుద్దేది. దాంతో పాటు ఒక అలుపు. లేచినప్పటి నుంచీ ఎవరో ఒంట్లోంచి బలం తోడేసినట్టు. ఆ అలుపు వయసుదనుకుంది, దురద నీళ్లదనుకుంది. రెండింటికీ సంబంధం ఉందని ఆమెకు తోచలేదు.

కాలనీ వెనక బస్తీలో బుచ్చన్న అనే ఆర్ఎంపీ ఉన్నాడు. ఒళ్లు చూడకుండానే చెప్పాడు.

"రక్తం చెడ్డదక్కా. గజ్జి గిట్ల లోపల్నే ఉన్నట్టుంది. సూది ఏస్త, గీ మందు మెడకెల్లి కాళ్లదాంక రాయి. బట్టలన్ని ఉడకపెట్టు."

సూది వేసిన రోజు కాస్త మత్తుగా పడుకుంది. మూడోరోజుకు మళ్లీ మామూలే. బట్టలు ఉడకబెట్టింది, దుప్పట్లు ఎండేసింది. వేపాకు వేసి మరిగించిన నీళ్లు, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడితో, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పోసుకుంది. బట్టల సబ్బుతో ఒళ్లు తోమింది. తోలు ఇంకా బిగుసుకుపోయి మంట కూడా తోడయ్యింది.

గజ్జి మందు సంగతి ఎలా బయటికి పోయిందో తెలియదు. ఒకరోజు ఫస్ట్ షిఫ్టుకు దిగే కొమురెల్లి కిటికీ ముందుకు వచ్చాడు. పోశంతో పదేళ్లు ఒకే జట్టులో పనిచేసినవాడు. బిళ్ల చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

"దీపం ఆడ పెట్టక్కా. నేను తీస్కుంట."

"ఎందుకు కొమురెల్లన్నా?"

"ఏం లేదు. పిల్లలున్నరు ఇంట్ల."

అతను కళ్లెత్తి చూడలేదు. దీపాన్ని తీసుకుని మెడలోని తువ్వాలుతో తుడుచుకుంటూ పోయాడు. తరువాతి మనిషి కూడా బల్ల మీదే పెట్టాడు. వారం తిరిగేసరికి సగం మంది అంతే. మల్లక్క ఎవరితోనూ వాదించలేదు. వాదించడానికి ఓపిక ఉండాలి. దీపం బల్ల మీద పెట్టడం, చెయ్యి వెనక్కి తీసుకోవడం అలవాటు చేసుకుంది. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలపకుండా చూస్తూ ఉండిపోయేది.

ల్యాంప్ రూం ఇన్‌చార్జి సంపత్ మంచివాడే. ఆమెకంటే పదేళ్లు చిన్న. నాలుగు రోజులు నసిగి చివరికి చెప్పాడు.

"అక్కా, నాకైతే ఏం ఫికర్ లేదు. కాని బాయి మీద లొల్లి అయితాంది. కంపెనీ దవాఖానకు పోయి, అంటుకునేది కాదని ఒక కాయితం పట్కరా. అందరి నోర్లు మూతపడ్తయి."

"పోత తియ్యి. దానికేముంది," అంది మల్లక్క. ఆ మాత్రం దూరం ఆటో ఎక్కి పోవాలన్నా ఆమెకు కొండెక్కినట్టే ఉంది.

దవాఖానలో ఆమెను చూసిన డాక్టరు పేరు విద్య. గుంటూరు వైపు నుంచి వచ్చి రెండేళ్లయింది. తెర వెనక కూర్చోబెట్టి మొదట వేళ్ల సందులు చూసింది, తరువాత మణికట్లు, నడుం, బొడ్డు చుట్టూ.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా దురద ఉందా?"

"లేదు మేడం. బిడ్డ నా పక్కకే పంటది. దానికేం లేదు."

"వీపు చూపించండి."

డాక్టరు జాకెట్టు పైకి జరిపి చూసింది. భుజాల మీద, నడుం మీద, పక్కల మీద గోటి గీతలు, ఎండిన నెత్తురు చారలు. రెండు భుజాల ఎముకల మధ్య మాత్రం అరచెయ్యి కంటే కాస్త పెద్ద చోటు నున్నగా ఉంది. అక్కడ వేలు పెట్టింది.

"ఇక్కడ ఒక్క గీత కూడా లేదు."

"ఆడికి చెయ్యి అందది మేడం. తలుపుకు రుద్దుకుంట గంతే."

"అందుకే చూస్తున్నాను. చర్మం జబ్బయితే చాలావరకు చెయ్యి అందని చోట కూడా కనిపించాలి. మీ ఒంటి మీద ఉన్నవన్నీ మీ గోళ్లు చేసినవే. గజ్జి కాదండీ ఇది. ఎవరికీ అంటుకోదు."

మల్లక్కకు కావలసిన మాట అదే. "గదే కాయితం మీద రాసియ్యున్రి మేడం. చాలు."

డాక్టరు రాసి ఇచ్చింది. దానితో పాటు ఇంకో కాయితం కూడా ఇచ్చింది.

"వేడినీళ్లు, బట్టల సబ్బు మానేయండి. గోరువెచ్చని నీళ్లు పోసుకుని, ఒళ్లు తడిగా ఉండగానే ఈ క్రీము రాయండి. తోలు పొడిబారడం కొంత ఉంది, అది తగ్గుతుంది. కానీ ఆరు నెలల నుంచి ఒళ్లంతా దురదంటే తోలు ఒక్కటే అనుకోలేను. లివరు, కిడ్నీ, థైరాయిడ్ తేడాగా ఉన్నా, రక్తంలో ఇంకేదైనా ఉన్నా ఇలాగే దురద వస్తుంది. ఈ పరీక్షలకు రక్తం ఇచ్చి వెళ్లండి."

ల్యాబు ముందు పెద్ద లైను ఉంది. మల్లక్క గోడకు ఆనుకుని చూసింది. అంటుకోదన్న కాయితం సంచిలో ఉండనే ఉంది. ఇంటికి వచ్చేసింది.

సంపత్ ఆ కాయితాన్ని నోటీసు బోర్డుకు గుచ్చాడు. కొమురెల్లి కిటికీ దగ్గరికి వచ్చి బిళ్లను ఆమె చేతిలోనే పెట్టాడు. "మనసుల పెట్టుకోకక్కా," అన్నాడు. ఆమె తల ఊపింది. సంతోషం కలగాల్సిన చోట ఏమీ కలగలేదు. ఆ సాయంత్రం కూడా అరికాళ్లలో దురద మొదలైంది, ఎప్పటిలాగే. క్రీముతో మంట తగ్గింది, తోలు మెత్తబడింది. లోపలి దురద లోపలే ఉంది.

ఇంకో మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు సెకండ్ షిఫ్టు దీపాలిస్తూ చార్జింగు స్టాండుకు ఆనుకుని నిలబడే కళ్లు మూసింది. ఒకరి దీపం ఇంకొకరికి ఇచ్చేసింది. అతను నంబరు చూసుకుని వెనక్కి తెచ్చాడు. ఎనిమిదేళ్లలో ఆమె నంబరు తప్పడం అదే మొదలు. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు కూతురు సహస్ర తల్లి సంచి తెరిచింది, మడతలు పడ్డ ల్యాబు కాయితం తీసింది. సహస్ర డిగ్రీ చదువుతోంది.

"గీదేంది? రక్తమియ్యలే?"

"లైనుండె బిడ్డా."

"లైనుంటే నేను నిలబడ్త. నువ్వు కుర్చీల కూసో."

పొద్దున్నే తీసుకుపోయింది. రెండు రోజుల తరువాత డాక్టరు విద్య రిపోర్టు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చెప్పింది. కిడ్నీ బాగుంది. థైరాయిడ్ బాగుంది. షుగరు లేదు. కామెర్లు లేవు.

"లివరు పరీక్షల్లో ఒక్కటి మాత్రం ఉండాల్సిన దానికి మూడింతలు దాటింది. పైత్యరసం పారే దారిలో ఇబ్బంది ఉంటే ఇది పెరుగుతుంది. ముందు స్కానింగు చేద్దాం."

మల్లక్క ముఖం మాడిపోయింది. "లివరా? నేను కల్లు గూడ ముట్టలే మేడం. మా ఆయన తాగిండు గని నేను తాగలే."

"తాగినవాళ్లకే వస్తుందని లేదండీ. తాగుతారా అని నేను మిమ్మల్ని అడగనైనా లేదు."

స్కానింగులో రాయి లేదు, పెద్ద గొట్టాల్లో అడ్డం ఏమీ లేదు. అప్పుడు ఇంకో రక్త పరీక్షకు నమూనా హైదరాబాదు పంపారు. పది రోజులకు జవాబు వచ్చింది. లివరులో పైత్యరసాన్ని మోసే వెంట్రుకంత సన్నని గొట్టాలుంటాయి. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటుపడి వాటిని కొంచెం కొంచెంగా పాడుచేస్తోంది. పారాల్సింది సరిగ్గా పారక రక్తంలోకి చేరి దురద పుట్టిస్తోంది. ఎక్కువగా ఈ వయసు ఆడవాళ్లకే వస్తుందని, ఎందుకు వస్తుందో పూర్తిగా తెలియదని డాక్టరు చెప్పింది.

"పోతదా?" అని సహస్ర అడిగింది.

"పోదమ్మా. కానీ తొందరగా పట్టుకున్నాం. మాత్రలు మానకుండా వేసుకుంటే చాలామందికి లివరు చాలా ఏళ్లు బాగుంటుంది. జీవితాంతం వేసుకోవాలి."

కంపెనీ ఆమెను హైదరాబాదు పంపితే అక్కడి లివరు డాక్టరు మందులు రాశాడు. మధ్యాహ్నం, రాత్రి అన్నంతో మాత్రలు. అవి లివరు కోసం. దురద కోసం వేరే పొడి, నీళ్లలో కలిపి పొద్దున తాగాలి. ఆ పొడి ఏ మాత్రనూ ఒంటికి పట్టనీయదు, మధ్యలో నాలుగు గంటలు ఎడం ఉండాలి. పొడి ఇసుక నీళ్లలా ఉంటుంది. మల్లక్క ముక్కు మూసుకుని తాగేది, తిట్టుకునేది.

వాడలో మాట పాకింది. లివరు జబ్బంట. పక్కింటి జమున వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఎప్పటిసంది తాగుతున్నవక్కా? నాకు తెల్వనే తెల్వదు."

అంతకుముందు గజ్జి, ఇప్పుడు తాగుడు. మల్లక్క మొదలుపెట్టి చెప్పబోయింది. సగంలో ఆగి, "సహస్రనడుగు, చెప్తది," అని పక్కకు తిరిగి పడుకుంది. సహస్ర గంటసేపు కూర్చుని జమునకు బొమ్మ గీసి మరీ చెప్పింది. జమున నమ్మిందో లేదో గాని మరునాడు టమాట పప్పు పంపింది.

రెండో వారం చివర్లో ఒకరోజు స్నానం చేసి జడ వేసుకుంటుంటే మల్లక్కకు ఏదో లోటుగా అనిపించింది. ఏమిటో తెలియడానికి కాసేపు పట్టింది. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా గీకలేదు. ఆ సాయంత్రం కొంచెం వచ్చింది, కాని భరించేంత. గీతలు మానాయి. కొన్ని నల్లటి మచ్చలు మిగిలాయి.

ఆరు నెలలకు రక్తం మళ్లీ చూస్తే ఆ అంకె సగానికి పైగా దిగింది. డాక్టరు విద్య సంతోషపడింది.

"మరి అలుపు?"

"అట్లనే ఉన్నది మేడం. దానికేమన్న మాత్ర రాయున్రి."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "దానికి మాత్ర లేదండీ. ఈ జబ్బులో దురద తగ్గినా అలుపు అంత తేలిగ్గా పోదు. రక్తం తక్కువుందేమో, థైరాయిడ్ మారిందేమో మళ్లీ చూశాను, ఏమీ లేదు. పని మధ్యలో కూర్చోండి. ఓపిక ఉన్నప్పుడు కొంచెం నడవండి. మీరు బద్ధకంగా ఉన్నారని ఎవరైనా అంటే నమ్మకండి."

ఆ చివరి మాట మల్లక్క ఎదురుచూసింది కాదు. తనను అలా అన్నవాళ్లలో మొదటి మనిషి తనే.

మరునాడు డ్యూటీలో సంపత్‌ను అడిగింది.

"తమ్మీ, కిటికీ కాడ నాకొక కుర్చీ కావాలె. నిలబడి ఇయ్యలేను."

ఎనిమిదేళ్లలో ఆమె అడిగింది అదొక్కటే. సంపత్ ఆఫీసు గదిలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చుంటే కిటికీ ఎత్తు సరిపోలేదు, నాలుగు కాళ్ల కింద ఇటుకలు పెట్టాల్సి వచ్చింది. ఇటుకలు కదలకుండా చూసుకుని కూర్చుంది. సెకండ్ షిఫ్టు వాళ్లు లైను కట్టారు. ముందున్నవాడు బిళ్ల అందించాడు. ఆమె నంబరు చూసింది, మళ్లీ ఒకసారి చూసింది, దీపం తీసి ఇచ్చింది.