హాల్ టికెట్ ఫోటోలో పడని ఊరు

నాకు అనుమానం ఎక్కువ. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు తూచి చూపిస్తే తప్ప గడప దాటనివ్వను. పిల్లల పేపర్లు దిద్దాక మార్కులు మూడుసార్లు కూడతాను. జమ్మలమడుగులో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను కాబట్టి అది వృత్తి ధర్మమని నేనంటాను. మా ఇంట్లోవాళ్లు చాదస్తం అంటారు.

మా తమ్ముడు లింగాల దగ్గర గొర్రెలు మేపుతాడు, కాస్త చీనీ, అదే బత్తాయి తోట కూడా ఉంది. అతని భార్య, అంటే నా మరదలు, పెళ్లయ్యాక పట్టుబట్టి బీఈడీ చేసింది. పోయినసారి టీచరు ఉద్యోగాల పరీక్ష రాయాల్సింది. హాల్ టికెట్ మీద పరీక్ష తొమ్మిదింటికి అని ఉంటే, తొమ్మిదికి పది నిమిషాల ముందు వెళ్లి నిలబడింది. గేటు ఎనిమిదిన్నరకే మూసేశారు. కాళ్లావేళ్లా పడినా తియ్యలేదు. ఈసారి కూడా తప్పితే ఆమెకు వయసు దాటిపోతుంది. ఇక అప్లికేషన్ కూడా తీసుకోరు.

అందుకే పెత్తనమంతా నేనే నెత్తిన వేసుకున్నాను. అప్లికేషన్ నేనే నింపాను. సెంటర్లు మూడు కోరుకోవచ్చంటే ప్రొద్దుటూరు మొదట పెట్టాను. ఆమె ఇంటికి పులివెందులే దగ్గర, కానీ ఆ గొర్రెల చాకిరీ మధ్య చివరి రెండ్రోజులు చదువు సాగదని నా అనుమానం. మా ఇంట్లో ఉండి చదువుకుంటే, ప్రొద్దుటూరు ఎంతలో పోతాం. పులివెందులను మూడోదిగా పెట్టాను.

హాల్ టికెట్ వచ్చింది. ఆమె పులివెందుల నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని, ఇంటికొచ్చాక ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. ఫోటో చూస్తే ఒళ్లు మండింది. ఒక పక్క నీడ, మధ్యలో మడత గీత, కుడివైపు అంచు ఫోటోలో పడనే లేదు.

బడిలో మాకు ఈమధ్య ఏఐ యాప్ వాడమని శిక్షణ ఇచ్చారు. నాకు దాని మీద రవ్వంత నమ్మకం లేదు. అయినా చూద్దాంలే అని ఆ ఫోటో ఇచ్చి, రోల్ నంబరు, సెంటరు, తేదీ, రిపోర్టింగ్ టైము బయటికి తీసి, టిక్కు పెట్టుకునేలా జాబితా చెయ్యమన్నాను. క్షణంలో చేసి పెట్టింది. రిపోర్టింగ్ ఏడున్నర, గేటు మూసేది ఎనిమిదిన్నర, పరీక్ష తొమ్మిది అని మూడూ విడివిడిగా రాసింది. రోల్ నంబరు కింద, ఒక అంకె మడత మీద పడింది, మూడో ఎనిమిదో తెలియడం లేదు, అసలు కాగితం చూసుకోండి అంది. సెంటరు దగ్గర కాలేజీ పేరు, బైపాస్ రోడ్డు అని రాసి, ఊరి పేరు ఫోటోలో కనిపించడం లేదు అని పెట్టింది.

ఇంత నిజాయితీగా మాట్లాడేవాళ్లంటే నాకు ఇంకా అనుమానం. కళ్లజోడు తుడుచుకుని, ఫోటో పెద్దది చేసి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశాను. తేదీని గోడ క్యాలెండరుతో సరిచూశాను. మరదలికి ఫోన్ చేశాను.

"నంబర్లో మడత కాడ ఏముంది, మూడా ఎనిమిదా?"

"ఎనిమిది వదినా."

"బాగ చూసి చెప్పు."

"చూస్తాండా. ఎనిమిదే."

ఎనిమిది అని దిద్దాను. ఊరి సంగతి అడగనే లేదు. ఎందుకడుగుతాను? ఆ పేరు గల కాలేజీ ప్రొద్దుటూరు బైపాస్‌లో ఉందని నాకు తెలుసు, దాని ముందు నుంచి వందసార్లు పోయాను. మొదట కోరుకున్నది ప్రొద్దుటూరే. ఇంత మాత్రం తెలియని యాప్ ఏం యాప్ అని తిట్టుకుని, కనిపించడం లేదు అన్న ముక్క తుడిచేసి, ప్రొద్దుటూరు అని కొట్టి పంపాను. సరే వదినా అని జవాబు వచ్చింది.

పరీక్షకు రెండు రోజుల ముందు ఆమె మా ఇంటికి వచ్చింది. ముందురోజు సెంటరు చూసి రావడం మా దగ్గర అందరూ చేసే పనే. గేటు ఎటువైపు, బస్సు ఎక్కడ ఆగుతుంది, అన్నీ చూసుకుంటారు. పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగి, ఆటోలో ఆ కాలేజీకి వెళ్లాం. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"యాడికమ్మా?"

"రేపు పరీక్ష గదా. సెంటరు చూసి పోదామని వచ్చినాం."

"ఏం పరీక్ష? రేపు ఈడ ఏ పరీక్షా లేదే."

మనిషి వాలకం చూస్తేనే నాకు నచ్చలేదు. లేచి గేటు తియ్యడానికి బద్ధకం కాబోలు. "నీకు తెలీదులే అప్పా, ఆఫీసులో అడిగి చెప్పు," అన్నాను.

"నాకు తెలీకుండా ఈడ పరీక్షలు పెడతారా? యాడన్నా మీరే తప్పు చూసింటారు."

నాకు రోషం పొడుచుకొచ్చింది. నేను తప్పు చూడడమా! ఫోన్ తీసి జాబితా అతని మొహం ముందు పెట్టాను. అతను చూడను కూడా లేదు. నేను గొంతు పెంచాను, అతనూ పెంచాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

అప్పుడు మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. బ్యాగులోంచి హాల్ టికెట్ తీసి, మడతలు విప్పి నా ముందు పెట్టింది. కాలేజీ పేరు, బైపాస్ రోడ్డు, ఆ పక్కనే స్పష్టంగా పులివెందుల. అదే పేరు గల కాలేజీ అక్కడ కూడా ఉందని నాకు తెలియదు.

"ఇది నువ్వు ముందే చూసినావా?" అన్నాను.

"ప్రింటు తీసిన దినమే చూసినా వదినా. పులివెందుల అనే చదువుకున్యా. మళ్ల నువ్వు ప్రొద్దుటూరని పంపితివి."

"పంపితే అడగొద్దా, మ్మే?"

ఆమె తల వంచుకుంది. "నువ్వు టీచరువి. అన్నీ ఇన్నిసార్లు చూస్తావు. నాదే తప్పేమో, మార్చినారేమో అనుకున్యా."

సిగ్గుతో చచ్చిపోయాను. ప్రపంచంలో అందర్నీ అనుమానించే నేను నన్ను ఒక్కసారీ అనుమానించలేదు. యాప్ తెలియదని చెప్పింది. వాచ్‌మన్ లేదని చెప్పాడు. అబద్ధం చెప్పింది నేను ఒక్కదాన్నే. ఆ అబద్ధాన్ని నమ్మడానికి ఈమె తన కళ్లనే కాదనుకుంది. రేపు పిల్లలకు చదువు చెప్పాల్సిన మనిషిని నేను ఇలా చేశాను. వాచ్‌మన్‌కు దండం పెట్టాను. "పోనీలేమ్మా, ఇయ్యాలే వచ్చినారు, రేపు గాదు గదా," అన్నాడు.

పులివెందుల బస్సులో కూర్చున్నాక ఫోన్ తీసి ఊరి పేరు దిద్దబోయాను. ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుని జాబితా మొత్తం చెరిపేసింది. కాగితం ఒళ్లో పెట్టుకుని, నంబరు నుంచి రిపోర్టింగ్ టైము దాకా తానే చదువుకుంటూ కొత్తగా కొట్టింది. నన్ను ఒక్క ముక్క అడగలేదు. సాయంత్రానికి ఆ కాలేజీ చూసుకుని, ఆ రాత్రికి లింగాల వెళ్లిపోయాం.

మర్నాడు ఏడుంపావుకే గేటు ముందు ఉన్నాం. అప్పటికే వరుస కట్టారు. ఆమె వంతు రాబోతుంటే ఉండబట్టలేక, "ఏదీ, ఒకసారి ఇటియ్యి, చూస్తా," అని చెయ్యి చాపాను.

ఆమె హాల్ టికెట్ వెనక్కి తీసుకుంది. "నేను చూసుకున్యా వదినా," అని లోపలికి పోయింది.