భర్త కార్డు, భార్య సంతకం

టైపు బాబాయ్ వేళ్ళు కాగితాల కట్టకున్న పిన్నులు పీకుతున్నాయి. ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని ఇదే. వచ్చిన కాగితాలు విడదీసి, తారీఖుల వరుసలో పేర్చి, చదివి, లాయరమ్మ చెప్పినట్టు ఉత్తరం కొట్టివ్వడం. చట్టం ఏ కాలేజీలోనూ చదవలేదు. కాగితం చదవడం మాత్రం వచ్చు. నడుం నొప్పి కూడా ఆ కుర్చీతోనే వచ్చింది.

ఎదురుగా బట్టలు కుట్టే ఆవిడ. నిద్రలేని కళ్ళు. ఆమె భర్త తలుపు పక్క బెంచీ మీద తల వంచుకుని ఉన్నాడు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పకుండా ఎనిమిది నెలలు క్రెడిట్ కార్డు గీకి నెట్టుకొచ్చాడు.

“బ్యాంకు వసూలు మనిషి మూడింటికి నా కుట్టు షాపుకి వస్తాడంట బాబాయ్. ఈ కాగితం మీద సంతకం పెట్టకపోతే నా కుట్టుమిషన్లు రెండూ పట్టుకుపోతాడంట. పెట్టేసి పడుకోవాలనుంది.”

“మొగుడి అప్పు పెళ్ళానిది కాదా అన్నాడా?”

“అన్నాడు. కార్డు ఫారంలో నా పేరుందని చూపించాడు కూడా.”

బాబాయ్ కట్టలోంచి ఆ ఫారం నకలు తీసి, కళ్ళజోడు పైకి నెట్టి, చివరి పేజీ దాకా వేలు పెట్టి చదివాడు.

“ఇది ఆయన దొరక్కపోతే పిలవడానికి రాయించుకున్న ఫోన్ నంబరమ్మా. హామీదారు గడి ఖాళీ. నీ సంతకం ఎక్కడా లేదు. ఆయన కార్డు మీద నీకు అదనపు కార్డుందా? ఉమ్మడి ఖాతా?”

“ఏవీ లేవు. మిషన్లు నా డబ్బుతో కొన్నవి. రసీదులున్నాయి.”

“అయితే ఇక్కడి చట్టంలో ఈ బాకీ మీ ఆయనదొక్కడిదే. పెళ్ళయినంత మాత్రాన నీ నెత్తికెక్కదు. ఈ కాగితంలో ‘నేనే వాయిదాల్లో కడతాను’ అనుంది చూడు, దీని మీద పెడితే ఎక్కుతుంది.”

“పెట్టమన్నది నేనే,” అన్నాడు బెంచీ మీంచి భర్త. “ఫోన్లు ఆగుతాయని.”

“ఆగేది నీ ఫోన్లు. కట్టేది నేను,” అంది ఆవిడ. అరవడానికి ఓపిక లేదు.

లాయరమ్మ లోపల్నుంచి వచ్చి కాగితాలన్నీ తిరగేసింది. “బాబాయ్ చెప్పింది సరే. కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరూ సామాను ముట్టుకోకూడదు. ఆవిడ పేర ఒక ఉత్తరం కొట్టండి. ఈయన బాకీ ఎగిరిపోలేదుగా, వాయిదాలు అడుగుతూ ఈయన పేర ఇంకోటి.”

“రెండోదాంట్లో నెలకెంత రాయనయ్యా?”

భర్త చాలాసేపు లెక్కేసుకుని ఒక చిన్న అంకె చెప్పాడు. దొరికిన కాపలా పనిలో అంతే మిగులుతుందన్నాడు.

బాబాయ్ రెండు ఉత్తరాలూ కొట్టాడు. ఆమె ఉత్తరంలో హామీ ఇవ్వలేదన్న వాక్యం ఒకసారి, మిషన్లు తన సొంతమన్న వాక్యం ఒకసారి, అంతకుమించి ఒక్క మాట లేదు. తారీఖు తప్పు పడిందని మొదటి ప్రతి చించి మళ్ళీ తీశాడు. రసీదుల నకళ్ళు వెనక చేర్చి, అంచులు బల్లకి తట్టి సమం చేసి పిన్ను కొట్టాడు.

“నీ ఉత్తరం రెండు ప్రతులమ్మా. ఒకటి బ్యాంకులో ఇవ్వు. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని దాచుకో. మూడింటికి వచ్చినవాడికి ముద్ర చూపించు, కాగితం మాత్రం చేతికివ్వకు.”

వసూలు మనిషి ఇచ్చిన కాగితాన్ని ఆవిడ సంతకం లేకుండానే మడిచింది. బాబాయ్ ఆమె ఉత్తరం ఆమె చేతికి, భర్త ఉత్తరం భర్త చేతికి ఇచ్చాడు.