నాలుగో పేరా

"సంఖ్యాశాస్త్రం ప్రకారం నా పేరు మార్చుకుంటున్నాను." భద్రాచలం కోర్టు దగ్గర వకీలు గదిలో, నా అఫిడవిట్ నాలుగో పేరాలో ఆ వాక్యం చూసి నాకు ఒళ్లు మండింది.

నాన్న చేయించిన కులపత్రంలో నాది మా నాయనమ్మ పేరు. బడి సర్టిఫికెట్లలో ఇంకో పేరు. మణుగూరులో నర్సు ఉద్యోగం వచ్చింది కానీ, రెండు పేర్లూ ఒకే మనిషివని గెజిట్‌లో వస్తే తప్ప చేర్చుకునేది లేదన్నారు. గెజిట్‌కు ముందు ఈ ప్రమాణపత్రం కావాలి. నాన్న పోయాడు కాబట్టి అమ్మను వెంటబెట్టుకొచ్చాను.

"అందరూ గట్లనే రాయించుకుంటరమ్మా," అన్నాడు వకీలు.

"అబద్ధం రాసి, కింద సత్యమని సంతకం నేను పెట్టాల్నా? బడిల చేర్చుకున్న సారు తన ఇష్టమొచ్చిన పేరు పెట్టిండని రాయండి."

చిన్నప్పటి నుంచీ ఆ సారును తిట్టుకుంటూనే ఉన్నాను. మా గూడెంలో పెట్టుకునే పేరు ఆయన నోటికి రోత అయిందనుకున్నాను.

వకీలు కాగితం మీద వేలు పెట్టాడు. "నువ్వు చూసినవా? పుట్టినప్పుడు పెట్టిన పేరు రెండో పేరా, బడిల పేరు మారుడు నాలుగో పేరా. ఆ రెండూ నీకు ఒకళ్లు చెప్తే తెల్సినయ్. మిగిలినయ్ నీ ఎరుకలోనివి. అడుగున నిజమని రాసే వెరిఫికేషన్‌ల అన్నీ కలిపి నాకే తెల్సంటే తప్పు. ఆ రెంటికీ, మా అమ్మ చెప్పగా నమ్ముతున్నానని రాయాలె." అమ్మ వైపు తిరిగాడు. "బడిల వేసిన్నాడు ఏమైందమ్మా?"

అమ్మ నేల చూసింది. "సారు అడిగిండు. రెండుసార్లడిగిండు. అత్త పేరు నేనెట్ల అంటనయ్యా? ఊకున్న. ఆయనే ఓ పేరు రాసుకున్నడు."

నా కోపం ఒక్కసారిగా సారు మీంచి అమ్మ మీదికి మళ్లింది. కోడలు అత్త పేరు పలకకూడదని మా గూడెంలో అందరికీ తెలుసు. అందుకే అమ్మ నన్నెప్పుడూ బిడ్డా అనే పిలిచేది. దానికి నా చదువంతా ఎవరిదో పేరు మోయాలా?

"నీ మాట మీదనే బిడ్డ ప్రమాణం చేస్తది. పేరు నువ్వే చెప్పాలె," అన్నాడు వకీలు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మ నా పేరు పలికింది. ఆమె నోట అది వినడం నాకదే మొదలు. వెంటనే చెంపలేసుకుని, "తప్పయింది అత్తా," అంది.

నాలుగో పేరా మళ్లీ టైపు చేశారు. "అడ్మిషన్ సమయంలో నా తల్లి నా పేరు చెప్పనందున." నోటరీ ముందు సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కోపం మాత్రం పిసరంతైనా తగ్గలేదు.

బస్టాండు దారిలో అమ్మ వెనకబడింది. "బిడ్డా, ఆగు!"

"పేరు పెట్టి పిలువు, ఆగుత."

ఆమె పిలవలేదు. ఆయాసపడుతూ గబగబా నడిచొచ్చి నా పక్కన చేరింది.