ఏడున్నర ఫోన్లు

ఫోను బిల్లు మా ఇంటికి ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు వచ్చింది. అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నాన్న కవరు చించి, చివరి అంకె ఒక్కటే చూశాడు. కర్నూలులో ముప్పై ఏళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్న మనిషి. ఏ కాగితమైనా కింది నుంచే చదువుతాడు. మామూలుగా పన్నెండు వందలు దాటని బిల్లు ఆ నెల ఆరువేలు దాటింది.

ఆ ఖాతాలో రెండు నెంబర్లు ఉండేవి, ఆయనదీ అమ్మదీ. ఏది కనబడితే అది నొక్కే అలవాటు అమ్మది కాబట్టి తప్పు ఆమెదేనని తేల్చేశాడు. ఆమె నెంబరు తీయించేయమని నాకు చెప్పాడు. అమ్మ గింజలు తీయడం ఆపింది.

కాస్త ఆగమని నాన్నకు చెప్పి, ఆయన దుకాణం సంచిలోని స్టీలు స్కేలు అడిగి తీసుకున్నాను. బిల్లును మొదటి పేజీ నుంచి వరుస కింద స్కేలు పెట్టుకుంటూ చదివాను. నెల అద్దె మారలేదు. పెరిగిందంతా దాని కింది మూడు పద్దుల్లో ఉంది.

అన్నింటికంటే పెద్దది అంతర్జాతీయ రోమింగ్. అది నాన్న నెంబరు మీద ఉంది. ఆ నెల ఆయన మార్కెట్టు స్నేహితులతో నేపాల్‌లోని ముక్తినాథ్‌కు వెళ్లాడు. పోయే ముందు రోమింగ్ ఆన్ చేయించుకున్నాడు కానీ ప్యాక్ తీసుకోలేదు. మన దేశంలో రోమింగ్‌కు ఇప్పుడు విడిగా పడదు కదా, కాశీకి పోయినట్టే ఇదీ అనుకున్నాడు. నెట్టు వాడలేదు, తాను ఒక్క ఫోనూ చేయలేదు. కానీ వివరాల పేజీలో ఆయనకు వచ్చిన ఫోన్లు తొమ్మిది ఉన్నాయి. అన్నీ ఒకే నెంబరు నుంచి, అన్నీ సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో. దేశం దాటితే ఫోను ఎత్తినవారికి కూడా నిమిషానికి ఇంత అని పడుతుందని చెప్పాను.

ఊరికి పోయినవాళ్లకు ఖర్చు పెట్టకూడదు, ఇంట్లో ఉన్నవాళ్లే ఫోన్ చేయాలి అన్నది మా ఇంటి పద్ధతి. నాన్న పెట్టిందే. అమ్మ దాన్ని తొమ్మిది రోజులూ తప్పలేదు.

"చక్కెర మాత్ర ఏసుకున్న్యావా అని అడుగుతాంటి. అంతే," అంది అమ్మ.

రెండోది డేటా. ఇది అమ్మ నెంబరు మీదే. నెలకు ఇచ్చినది అయిపోయాక వాడిన దానికి విడిగా వేశారు. ఏం చూశావని అడిగితే, ముక్తినాథ్ కొండదారి వీడియోలు అంది. బస్సు లోయ అంచున పోయేవి. ఈ రోజు ఏ మలుపులో ఉంటాడో చూసుకునేదట.

"ఆ దారి చూస్తే నాకే కండ్లు తిరిగె. ఈయన యాడ పడతాడో అని శానా భయమాయె."

మూడోది చిన్నది, అదనపు సేవ అని ఉంది. రోజూ ఉదయం రాశిఫలం మెసేజీ. ఇలాంటివి రెండుసార్లు సరే అంటేగానీ మొదలు కావు. రెండుసార్లూ తానే నొక్కానని అమ్మ ఒప్పుకుంది. ఏ రాశి అని అడిగాను. నాన్నది.

నాన్న స్కేలు తీసుకుని ఆ తొమ్మిది వరుసలు తానే మళ్లీ చదివాడు. ఈసారి పైనుంచి. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నెంబరు ఉండనీ పాప. ఆ రాశిఫలం ఒకటి తీయించు. నాకేమయితాదో ఈమె చెప్తానే ఉండాది, ఇంకోనికి దుడ్లెందుకు?"

"మల్ల ఏడున్నరకు?" అంది అమ్మ.

"ఈడున్నన్నాళ్లూ చెయ్. దేశం దాటితే మాత్రం ప్యాక్ ఏయించుకుంటా."

రాశిఫలం ఆపమని అమ్మ ఫోను నుంచి బిల్లు మీదున్న నెంబరుకు మెసేజీ పంపాను. ఆపేశామని జవాబు వచ్చింది. ఆ నెల సొమ్ము మాత్రం అంతా వాడినదే కాబట్టి కట్టాం. అమ్మ ఆ రోజు సాయంత్రం ఏడున్నరకు ఇంట్లో నుంచి, దుకాణంలో ఉన్న నాన్నకు ఫోన్ చేసింది. మధ్య దూరం రెండు వీధులు. తర్వాత ఆరేళ్లు, తాను ఆసుపత్రిలో ఉన్న నెలతో సహా, చేస్తూనే ఉంది. నాన్న మళ్లీ దేశం దాటలేదు.

పోయిన కార్తీకంలో అమ్మ పోయింది. ఆమె నెంబరును నేనే రద్దు చేయించాను. నాన్న వద్దనలేదు. బిల్లు వస్తే ఇప్పుడు పైనుంచి చదువుతాడు. అందులో ఒక్క నెంబరే ఉంటుంది, చదవడం త్వరగా అయిపోతుంది. మాత్ర తానే వేసుకుంటాడు. కొన్ని రోజులు మరిచిపోతాడు. ఏడున్నరకు నేను చేద్దామని ఒకసారి ఫోను తీసి, మళ్లీ పెట్టేశాను.

ఏడున్నరకు మా దుకాణానికి ఇప్పుడు ఎవరూ ఫోన్ చేయరు.