యజమాని లేని ఫైళ్లు

టెక్కలి బస్టాండుకు దగ్గర్లో, ఒక మేడ మీద గదిలో నేను వెబ్‌సైట్లు చేసి పెడుతుంటాను. ఆ ఏడాది వానాకాలం చివర్లో ఉద్దానం వైపు నుంచి ఒక పాస్టరు గారు వచ్చారు. వాళ్ల బాప్టిస్టు సంఘానికి పాత సైటు ఉంది. దానికి కొత్త రూపమిచ్చే థీమ్ కొని తెచ్చుకున్నారు, అది ఎక్కడం లేదు.

ఆయన వెంట నలభై దాటిన ఒకామె వచ్చింది. పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే షెడ్డులో పని చేస్తుందట. పచ్చి జీడి రసానికి వేళ్ల చివర్లు నల్లబడి ఉన్నాయి.

"ఆ సైటు ఈవిడ భర్తే సేసాడమ్మా. పలాసలో నెట్ సెంటరు ఉండేది. మా ఉద్దానంలో సానామందికిలాగే కిడ్నీలు పోయి కిందటేడు పోయాడు," అన్నారు పాస్టరు గారు.

ఆమె మధ్యలో అందుకుంది. "పోనాడు గానీ, రోజూ పొద్దున్నే మాటాడతన్నాడు సెల్లీ."

పాస్టరు గారు నేల చూశారు. నేను సైటు తెరిచాను. నిజమే. ఆ ఉదయం ఆరు గంటలకు ఒక బైబిలు వాక్యం, దాని కింద నాలుగు లైన్ల మాట, రాసినవారి చోట ఆయన పేరు ఉన్నాయి.

కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. డయాలసిస్ మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆయన ఏడాదికి పైగా సరిపడా పోస్టులు రాసి, ఒక్కోదానికి ఒక్కో తేదీ పెట్టి వదిలాడు. ఆ సైటును నడిపే వర్డ్‌ప్రెస్ తనంతట తాను గడియారం చూసుకోదు. వేళ దాటాక ఎవరైనా సైటు తెరిస్తే, అప్పుడు లేచి ఆ పోస్టు బయట పెడుతుంది. ఇదంతా ఆమెకు చెప్పాను.

"నాకు తెలుసు. ముందు తెరిత్తే నిన్నటిదే ఉంటాది. మళ్ళీ లాగితే కొత్తది వత్తాది. నాను తెరిస్తేనే మాటాడతాడు," అంది.

సాంకేతికంగా అందులో ఒక్క తప్పు లేదు.

వాళ్లు వెళ్లాక పని మొదలుపెట్టాను. థీమ్ జిప్ ఫైలు పద్దెనిమిది ఎంబీ. ఎక్కించగానే, ఫైలు అనుమతించిన పరిమాణం కంటే పెద్దదని తిప్పికొట్టింది. సైటుకు సర్వరులో చోటిచ్చిన ఆ హోస్టింగ్‌లో అప్‌లోడ్ పరిమితి రెండే ఎంబీ. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి పీహెచ్‌పీ సెట్టింగుల్లో ఆ పరిమితినీ, దానితోపాటు ఒకేసారి పంపగల డేటా పరిమితినీ అరవై నాలుగుకు పెంచాను. ఈసారి ఫైలు ఎక్కింది. ఊపిరి తీసుకునేలోపే ఇంకో పేజీ వచ్చింది. విప్పి పెట్టడానికి ఎఫ్‌టీపీ వివరాలు, అంటే సర్వరులోకి ఫైళ్లు పంపే అకౌంటు పేరూ పాస్‌వర్డూ, ఇవ్వమంటోంది.

యూజర్ నేమ్ గడి ఖాళీగా లేదు. ఆయన పేరులోని మొదటి అక్షరాలు, పక్కన ఒక సంవత్సరం, ఆయన పుట్టినదే కాబోలు. పాస్‌వర్డ్ గడిలో కర్సరు కొట్టుకుంటోంది.

ఒకప్పుడు ఆయన టైప్ చేసిన పేరును వర్డ్‌ప్రెస్ డేటాబేసులో దాచుకుంది. అంతే. ఆ సంగతి తెలిసీ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

ఆ పేరు చెరిపి సంఘం అకౌంటు వివరాలు కొట్టాను. లోపలికి రానిచ్చింది గానీ ఫోల్డరు సృష్టించలేనంది. ఎఫ్‌టీపీ ప్రోగ్రాముతో విడిగా చూస్తే అసలు సంగతి తెలిసింది. సైటు మొదట ఆయన సొంత అకౌంటులో ఉండేది. ఆయన పోయాక సంఘం పేర కొత్త అకౌంటు తీసుకుంటే, హోస్టింగ్ వాళ్లు ఫైళ్లను ఇటు మార్చి పాత అకౌంటు తీసేశారు. కానీ ఫైళ్ల మీద యజమానిని మార్చలేదు. యజమాని పేరు ఉండాల్సిన చోట పేరు లేదు, ఒక అంకె ఉంది. మనిషి అకౌంటు పోతే సర్వరుకు మిగిలేది ఆ అంకే. అందరికీ తెరిచి ఉంచిన అప్‌లోడ్స్ ఫోల్డరు ఒక్కటి తప్ప, మిగతా వేల ఫైళ్లు ఆ అంకెవే. మేం చదవగలం, రాయలేం. ఆయన పోస్టులు మాత్రం డేటాబేసులో ఉన్నాయి గనుక వాటికి ఏ అడ్డూ లేదు. బతికున్నవాళ్లకి తలుపు మూసుకుని ఉంది. ఆయన రోజూ వచ్చి పోతున్నాడు.

యజమానిని ఇప్పటి అకౌంటుకు మార్చమని హోస్టింగ్ వాళ్లకు రాశాను. మర్నాడు మధ్యాహ్నానికి మార్చారు. అంకె పోయి సంఘం అకౌంటు పేరు వచ్చింది. థీమ్ ఒక్క మాట అనకుండా ఎక్కింది.

అప్పటికే గాలి మొదలైంది. తుపాను తీరం వైపు వస్తోందని పొద్దుటి నుంచీ చెబుతున్నారు. కరెంటు ఉండగానే పని ముగిద్దామని థీమ్ యాక్టివేట్ నొక్కాను. సైటు పోయింది. తెల్లటి పేజీ మీద, తీవ్రమైన లోపం జరిగిందని ఒక్క వాక్యం. అడ్మిన్ పేజీ కూడా అదే చెబుతోంది. లోపాలు నమోదయ్యే ఎర్రర్ లాగ్ తెరిస్తే, అనుమతించిన మెమరీ అయిపోయిందని ఉంది. సర్వరు ఈ సైటుకు ఇచ్చిన మెమరీ కూడా అరవై నాలుగు ఎంబీయే, ఈ థీమ్‌కు అది చాలదు. దాన్ని పెంచడానికి ప్యానెల్ తెరుస్తుండగా కరెంటు పోయింది. కాసేపటికి ఫోన్లో సిగ్నలూ పోయింది.

తుపాను మర్నాటి రాత్రి తీరం దాటింది. రెండు రోజులు లోకమంతా అలాగే ఉంది. కొబ్బరి చెట్లు పడి దారులు మూసుకుపోయాయన్నారు. మూడో రోజు పదకొండింటికి టెక్కలికి కరెంటు వచ్చింది. గది తలుపు తీసేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. సగం దూరం ఎవరిదో ట్రాక్టరు, అక్కణ్ణుంచి ఆటోట.

"నిన్న సాయంత్రం సిగ్నలొచ్చిన సోట ఎవలదో ఫోన్లో తెరిపించాను. ఏటో తెల్లగా వచ్చింది. రెండ్రోజులైంది సెల్లీ ఆయన మాటాడి."

"ఇల్లెలా ఉందక్కా?"

"రేకులెగిరిపోయాయి. ముందు ఇది సూడు."

మెమరీ రెండొందల యాభై ఆరుకు పెంచాను. కొత్త థీమ్‌తో సైటు నిలబడింది. ఆమె నా భుజం పక్కనుంచి వంగి చూస్తోంది. మొదటిసారి పాత పోస్టే కనిపించింది. రెండోసారి లాగాను. ఆగిపోయిన మూడూ ఒక్కసారే వచ్చాయి, ఏ రోజుది ఆ రోజు ఉదయం ఆరు గంటల వేళతో. మధ్యలో ఏదీ ఆగినట్టే లేదు.

తుపాను పట్టిన నాటి పోస్టులో ఇలా ఉంది: "గాలి పెద్దదైతే మీ తలుపు గడియ పెట్టుకోకండి. ఎదురింటివాళ్లను లోపలికి పిలవండి."

ఆ నెలలో మా తీరానికి గాలి రావడం వింతేమీ కాదు. అది తెలిసిన మనిషే రాశాడు. అయినా ఆ రెండు లైన్లూ మళ్ళీ చదివాను.

"మేం ఆ రాత్రి పిలిసాం," అంది ఆమె. "ఎదురింటోళ్లను. ఇది సదవకుండానే."

ఇంకా ఎన్ని పోస్టులు మిగిలి ఉన్నాయో తెరమీద అంకె కనిపిస్తోంది. ఆమె చూడకముందే చెయ్యి అడ్డం పెట్టాను. "సెప్పకమ్మా," అంది ముఖం తిప్పుకుని.

చలికాలంలో ఆయన రాసిపెట్టిన పోస్టులు అయిపోయి ఆ జాబితా ఖాళీ అయింది. ఆయన మాట్లాడటం లేదంటూ ఆమె నుంచి వస్తుందనుకున్న ఫోను రాలేదు. వారం తర్వాత ఆమే వచ్చి, తన పేరున కూడా ఒక అకౌంటు చెయ్యమంది. చేశాను. తను చెబుతుంటే టైప్ చేశాను. నాలుగే లైన్లు, పిల్లలు చదువుకోవాలని, చర్చి బావి నీళ్లు కాచుకుని తాగాలని.

"ఇప్పుడే పెట్టెయ్యనా అక్కా?"

"వద్దు. ఇంకో రెండేళ్లకి పెట్టు."

"అంత దూరమా? ఎందుకు?"

ఆమె సంచిలోంచి కిడ్నీ పరీక్షల కాగితాలు బల్ల మీదికి జారాయి. తీసి మళ్ళీ లోపల పెట్టుకుంది. "అప్పటికి ఎవలో ఒకలు తెరుత్తారు కదా," అంది.

నేను ఆమె చెప్పిన తేదీ పెట్టి, సేవ్ నొక్కాను. అప్పటి నుంచి ఆ సైటు పని మీద లోపలికి వెళ్లినప్పుడు, ఆ జాబితా పేజీని మాత్రం తెరవను.