మెయిల్ అడ్రస్ ఒక్కటే ఉన్న ఉద్యోగం

కంబదూరు బస్టాండుకు ఎదురుగా నాకొక నెట్ సెంటర్ ఉంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, జిరాక్స్ మిషను, కరెంటు పోతే కాసేపు ఆదుకునే బ్యాటరీ. కులం సర్టిఫికెట్లు, పంటల బీమా, హాల్ టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు అన్నీ ఇక్కడే. వచ్చేవాళ్ళలో చాలామంది ఫోనులో మెయిల్ ఉంటుంది గానీ అది ఫోను అమ్మినవాడు పెట్టి ఇచ్చింది. పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. దాన్ని సరిచేస్తూ కూర్చుంటే వెనక నిలబడినవాళ్ళు విసుక్కుంటారు. అందుకని ఎవరి దరఖాస్తయినా షాపు మెయిల్ నుంచే పంపేయడం అలవాటు చేసుకున్నాను. ఇంగ్లీషులో ఒక ఉత్తరం తయారుచేసి పెట్టుకున్నాను. మీ సంస్థలో ఏ పని ఇచ్చినా కష్టపడి చేస్తాను అని దాని సారాంశం. పేరు మార్చడం, పంపడం. ఎందుకైనా మంచిదని ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ కూడా జత చేసేవాణ్ణి.

మొన్న ఎండాకాలం వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరిగింది. "స్టాఫ్ కావలెను. ఆసక్తి గలవారు ఈ మెయిల్‌కు వివరాలు పంపగలరు." కింద ఒక మెయిల్ అడ్రస్. అంతే. ఏం పనో లేదు, ఏ ఊరో లేదు, జీతం లేదు, ఫోన్ నంబరు లేదు. అంత ఖాళీగా ఉన్నందుకే కాబోలు, చదివిన ప్రతివాడికీ అది తనకోసమే అనిపించింది. ఆ వారంలో దాన్ని ఫోనులో చూపిస్తూ ఐదుగురు నా దగ్గరికి వచ్చారు.

వాళ్ళలో ఒకామె పక్క పల్లె నుంచి వచ్చింది. బీకాం చదివింది. వానకు పండే కొంచెం చేను ఉంది, వరసగా రెండేళ్ళు శెనక్కాయ విత్తనం కూడా తిరిగి రాలేదు. భర్త బెంగళూరులో కట్టడాల పనికి పోయి వస్తుంటాడు. ఈసారి ఇద్దరూ రావాలని మేస్త్రి అంటున్నాడు. ఇద్దరూ పోతే నాలుగో తరగతి చదివే కూతురిని కూడా తీసుకుపోవాలి. అక్కడ కూలీలకు వేసే షెడ్లలో ఉండే పిల్లల బడి ఎలా సాగుతుందో మా మండలంలో అందరికీ తెలుసు. ఇక్కడే ఏదైనా పని దొరికితే తను, కూతురు ఊళ్ళో ఉండిపోవచ్చని ఆమె ఆశ.

"అన్నా, ఇది ఏం పనో రాసిల్లేదే. యాడుండాదో కూడా లేదు. ముందు అడిగి చూస్తామా?" అంది.

"అడిగినావంటే పక్కన పడేస్తారు మ్మా. వందమంది పంపింటారు. మనం పంపేసి గమ్మునుండాల. జవాబు వస్తే అప్పుడు చూస్తాం."

"దొంగోళ్ళయితే?"

"దుడ్లు అడిగితే కదా దొంగోళ్ళు. అడిగినప్పుడు చూస్తాం లే."

ఆమె ఇంకేదో అడగబోయి, వెనక నిలబడినవాళ్ళను చూసి ఊరుకుంది. నేను పేరు మార్చి పంపేశాను. ఆధార్ కూడా పంపాను.

కొద్దిరోజులకు షాపు మెయిల్‌కు జవాబు వచ్చింది. తెలుగులోనే రాశారు. ఒకే మెయిల్ నుంచి ఐదు దరఖాస్తులు ఒకే మాటలతో వచ్చాయనీ, ఏజెంట్ల ద్వారా ఎవరినీ తీసుకోమనీ, ఇష్టమున్నవాళ్ళు స్వయంగా రాసుకోవాలనీ అందులో ఉంది. ఆధార్, బ్యాంకు కాగితాలు మాకు అక్కర్లేదు, తీసేశాం, తెలియనివాళ్ళకు ఇలా పంపకండి అని చివర ఒక మాట.

చదవగానే నాకు వచ్చింది కోపం. నేను ఏజెంటునా? దరఖాస్తుకు తీసుకునేది ప్రింటు ఖర్చు, దానిపైన కొంచెం. ఆ కోపంలో మెయిల్ మూసేశాను. సాయంత్రానికి కోపం తగ్గింది, దాని కింద ఉన్నది కనిపించింది. ఐదుగురికీ ఫోను చేసి, మీ దరఖాస్తు నా వల్లే పోయింది, మళ్ళీ మీరే రాసుకోండి అని చెప్పాలి. ఉద్యోగాల దరఖాస్తులు నమ్మకంగా చేయబడును అని బోర్డు మీద రాయించుకున్నవాణ్ణి. ఆ మాట నోటికి రాలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. మరునాటికి, ఎలాగూ అది దొంగ పోస్టే అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. దొంగలు మన ఆధార్ తమకు వద్దని చెప్పరని ఆ మాట అనుకుంటున్నప్పుడే నాకు తెలుసు.

ఆమె సంతకు వచ్చినప్పుడల్లా గడప దగ్గర నిలబడి అడిగేది.

"అన్నా, ఏమన్నా వచ్చిందా?"

"రాలేదు మ్మా."

"సరేన్నా. వస్తే ఒక ఫోను చెయ్యి."

ఇలా చాలాసార్లు జరిగింది. ఆమె అడిగే తీరులో అనుమానం ఉండేది కాదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఆమె బస్సు దిగడం కనిపిస్తే ప్రింటరు వైపు తిరిగి పని ఉన్నట్టు కూర్చునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. షాపులో ఎవరూ లేరు.

"మేస్త్రి రోజూ ఫోను చేస్తాండాడన్నా. ఆదివారం లారీ వస్తాదంట. నేను రాను, ఉద్యోగం జవాబు రావాల అని ఇన్నిదినాలు ఆపినా. మా ఆయన ఎగతాళి చేస్తాండాడు, నీ ఉద్యోగానికి ఊరూ పేరూ లేదు, దాన్ని నమ్ముకుని కూర్చున్నావే అని. ఇంక ఆపలేను. పాప టీసీ తీసుకోమంటాండాడు. ఒక్కసారి బాగా చూడన్నా. యాడన్నా కింద పడిపోయి ఉంటాదేమో."

నేను మెయిల్ తెరిచాను. వెతికినట్టు నటించబోయాను. మానుకున్నాను. కంప్యూటరు ఆమె వైపు తిప్పి, చదవమన్నాను.

ఆమె నెమ్మదిగా చదివింది. పైన ఉన్న తేదీ కూడా చూసింది.

"ఇది వచ్చి శానా దినాలయింది కదన్నా."

"అవును మ్మా."

"నువ్వు చదివినావు."

"చదివినా."

ఆమె గొంతు పెంచలేదు. "పోయినవారం కూడా రాలేదంటివే. ఆ పొద్దు టీ తాగుతా నా మొగం చూసి చెప్తివే."

సిగ్గేసింది మ్మా అన్నాను. అంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

"నీ సిగ్గుకు మా పాప బడి మానాల్నా?" అంది. ఆమె లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. సంచిలోంచి తన ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"నా మెయిలు సరిచెయ్యి. నేనే రాస్తా."

దానికి పట్టిన సమయం ఎంతో కాదు. ఆమె నంబరుకు కోడ్ వచ్చింది, కొత్త పాస్‌వర్డు పెట్టాం. ఏ పని చేయడానికి తీరిక లేదని ఇన్నేళ్ళు అందరికీ చెబుతూ వచ్చానో ఆ పని అది. నా ఇంగ్లీషు ఉత్తరం చూపిస్తే వద్దంది. తెలుగులో, ఒక వేలితో కొట్టుకుంటూ రాసింది. నన్ను చూడనివ్వలేదు, చివర్లో మాత్రం పైకి చదివి వినిపించింది. ఫలానా చదువు చదివాను, పెళ్ళికి ముందు ఒక ఎరువుల అంగడిలో లెక్కలు రాశాను, ఇంతకుముందు నా పేరుతో వచ్చింది నేను రాసింది కాదు అని మొదలు. తర్వాత ప్రశ్నలు. పని ఏమిటి? ఎక్కడ? ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి అయిపోతుంది? మా పల్లెకు సాయంత్రం బస్సు త్వరగా పోతుంది, దాన్ని అందుకోగలనా? జీతం ఎంత? చేరడానికి ఏమైనా కట్టాలా? ఆదివారంలోపు చెప్పగలరా?

"ఇన్ని అడిగితే..." అన్నాను అలవాటుగా.

"నువ్వు గమ్మునుండన్నా," అంది. పంపేసింది.

ఆమె వెళ్ళాక మిగతా నలుగురికీ ఫోను చేశాను. ఇద్దరు తిట్టారు. ఒకడు ఆ పోస్టు సంగతే మరిచిపోయాడు. నాలుగోవాడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీగా చేరిపోయాడు. "ఇప్పుడు చెప్తే ఏం లాభమప్పా. యూనిఫారానికి కూడా దుడ్లు పట్టుకున్నారు ఈడ," అన్నాడు. కారు ఏదో వచ్చినట్టుంది, ఫోను పెట్టేశాడు. అతనికి మళ్ళీ చేసే ధైర్యం నాకు లేకపోయింది.

రెండోరోజు ఆమె ఫోనుకే జవాబు వచ్చింది. అది కళ్యాణదుర్గం బయట చీనీకాయలు, అదే బత్తాయిలు, దానిమ్మలు రైతుల దగ్గర కొని, ఏరి, క్రేట్లకు ఎత్తి పంపే షెడ్డు. క్రేట్లు, తూకం రాసుకోవాలి. రైతులు ఫోను చేస్తే ఆనాటి ధర చెప్పాలి. పోయినసారి ప్రకటనలో ఫోన్ నంబరు వేస్తే పగలంతా కాయలు అమ్మేవాళ్ళ ఫోన్లకే జవాబు చెప్పుకోలేక చచ్చామనీ, పని అని రాస్తే కూలిపని అనుకుని లారీల్లో జనం దిగారనీ, అందుకే ఈసారి మెయిల్ ఒక్కటే పెట్టామనీ, అది కూడా తప్పే అయినట్టుందనీ, ఇంకా ఎవరూ కుదరలేదనీ యజమాని రాశాడు. అడిగిన ప్రతిదానికీ జవాబు ఉంది. జీతం గొప్పది కాదు. సాయంత్రం బస్సు అందుతుంది. ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. శుక్రవారం వచ్చి షెడ్డు చూసి, నచ్చితే మాట్లాడుకుందాం, సర్టిఫికెట్లు చూపించి తిరిగి తీసుకుపోవచ్చు అని ఉంది.

శుక్రవారం భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళారు. తెలియని చోటికి ఒక్కదాన్నే పంపనని భర్త పట్టుబట్టాడట. తిరిగి వచ్చేటప్పుడు షాపు ముందు ఆగారు.

"సీజన్ అయ్యేదాకా చూస్తారంటన్నా. బాగుంటే పెట్టుకుంటారంట. సోమవారం నుంచి రమ్మన్నారు." సంతోషం కనబడనివ్వకుండా చెప్పింది. సీజన్ తర్వాత ఏమిటో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

"నన్ను గురించి ఏమన్నా అడిగినాడా సారు?" అన్నాను.

"అడిగినాడు. కష్టపడి చేస్తాను అని ఐదుగురూ ఒకే మాట రాసినారే, అందరూ ఒక తల్లి బిడ్డలా అన్నాడు." భర్త పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆదివారం ఉదయం లారీ బస్టాండు దగ్గరే ఆగింది. భర్త మూట ఎత్తి లోపల వేసి, కూతురి తల మీద చెయ్యి పెట్టి, నా అంగడి మెట్ల దాకా వచ్చాడు. మాటలు ఏరుకునే మనిషి కాదు.

"అప్పా, ఇంక మీదట దానికి ఏం వచ్చినా, మంచిదో చెడ్డదో, దానికే చెప్పు. నీ కడుపులో పెట్టుకోవాకు."

"చెప్తానప్పా," అన్నాను.

అతను లారీ ఎక్కాడు. తల్లీ కూతురూ అది మలుపు తిరిగేదాకా నిలబడి, పల్లె బస్సు కోసం నీడలోకి జరిగారు. ఆమె నా వైపు చూసి తల ఊపింది. లోపలికి రాలేదు.