భూదేవి కొట్టులో కొన్న సీసాలన్నీ

వడోద్‌లో వలసొచ్చిన తెలుగు నేతగాళ్ల వాడలో భూదేవి కొట్టు ఒకే గది. సగం సరుకులు, మిగతా సగం ఆమె మాటలు. లాక్‌డౌన్‌లో సాంచాలనే మరమగ్గాలు ఆగి, నేత ఇళ్లల్లో పైసలు ఆడని రోజుల్లో ఆమె శానిటైజర్ డబ్బాలు తెచ్చి, నూనె పోసినట్టే చిన్న సీసాల్లో విడిగా పోసి అమ్మింది.

ఓ పొద్దున కంపెనీ నుంచి కబురొచ్చింది: పద్నాలుగో బ్యాచ్‌లో విషపు స్పిరిట్ కలిసింది, అమ్మినవన్నీ వెనక్కి తీసుకోండి.

"పద్నాలుగోది ఏ సీసాల పోసినవ్, నాయినమ్మా?" అంది మనవరాలు హారతి, ఫోన్ పట్టుకుని.

"ఒకటి అడుగంటితే ఇంకోటి అండ్లనే కలిపిన. నాకేం ఎరుక?"

"శాబాష్! పప్పుల పోపు కలిపినట్టు అన్నీ కలిపినవ్."

భూదేవి నవ్వలేదు. సీసా మీద నంబరే లేనప్పుడు జనం దేన్ని చూసి గుర్తుపడతారు? నిజం రాస్తే కొట్టు పేరు పోతుంది. దాస్తే ఎవరి కళ్లో పోతాయి.

"రాయి" అంది. "బెదిరియ్యకు, ఏడ్వకు. ఉన్నదున్నట్టు రాయి."

మనోళ్ల వాట్సాప్ గ్రూపులో ఇలా పడింది: "కంపెనీ పద్నాలుగో బ్యాచ్ శానిటైజర్ ప్రమాదం. మా కొట్ల విడిగా పోసినం కాబట్టి ఏ సీసల ఉన్నదో చెప్పలేం. ఈ నెల ఇక్కడ కొన్న సీసలన్నీ వాడుడు ఆపండి. తాగితే చూపు పోవచ్చు, పానం పోవచ్చు. తాగినోళ్లు బాగనే ఉన్నా వెంటనే దవాఖానకు పోవాలె. మోరీల పారబోయొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. మూత బిగించి కొట్టుకు తెండి. బిల్లు అక్కర్లేదు, పైసలు వాపస్ ఇస్తం."

సీసాలు వచ్చాయి. తిట్లూ వచ్చాయి. సాంచాలు నడిపే బక్కయ్య సీసా మాత్రం రాలేదు. అతనిది బటన్ల ఫోను, అందులో గ్రూపు రాదు. భూదేవే మాస్కు కట్టుకుని వెళ్లింది. గడపలో అతని భార్య పద్మారాణి కూడా నిలబడి ఉంది.

"సీసా ఏదిరా తమ్మీ?"

"అయిపోయిందక్కా. చేతులకు రాసుకున్న."

"తాగలేదు గదా?"

బక్కయ్య ఓసారి పెండ్లాం వైపు చూశాడు. "ఛీ, గదేం మాటక్కా!"

తాగే మందు దొరకని ఊళ్లో కొందరు శానిటైజర్‌నే నీళ్లలో కలుపుకుని తాగుతున్నారని భూదేవికి తెలుసు. అయినా నమ్మింది. నమ్మడం తేలిక కనుక.

తెల్లారి బక్కయ్యకు కళ్ల ముందు పొగమంచు కమ్మింది. దవాఖానలో ప్రాణం నిలిపారు, చూపు నిలవలేదు. ఆ సాయంత్రమే భూదేవి పోస్టు మళ్లీ పెట్టించి, చివర ఇంకో మాట రాయించింది: "తాగినోళ్లు సిగ్గుపడొద్దు. నాకు ఒక్కదానికే చెప్పినా చాలు, దవాఖానకు తోడొస్త."

అతను ఇంటికొచ్చాక చూడబోయింది. గోడకానుకుని కూర్చున్న బక్కయ్య, "గ్రూపుల ఏం రాసినవో జర చెప్పక్కా" అన్నాడు.

ఆమెకు చదువు రాదు. చెప్పి రాయించింది తనే కాబట్టి మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పింది.

బక్కయ్య ఆమె గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు.

"గా ఆఖరి మాట, నీకు ఒక్కదానికే చెప్పమన్నది... నువ్వు మా ఇంటికి వచ్చిననాడు ఉండెనా?"

"లేకుండె, తమ్మీ."